క్యాండిల్‌స్టిక్ చార్ట్ స్క్రీన్‌షాట్‌లో జరిగినదాన్ని మాత్రమే రాయడం ఎలా?

చార్ట్ స్క్రీన్‌షాట్ ఒకటి పంపి, "ఇందులో ఏముందో ఎలా చెప్పాలి?" అని అడిగే పాఠకులు తరచూ తారసపడుతున్నారు. ముందు మీకు కనిపించింది మీరే రాసి పంపండి అంటే, వచ్చే సమాధానం దాదాపు ఒకే తీరులో ఉంటుంది: "కింద మంచి సపోర్ట్ తీసుకుంది, హ్యామర్ పడింది, ఇక పైకే." ఈ మూడు మాటల్లో ఒక్కటి కూడా బొమ్మలో లేదు. బొమ్మలో ఉన్నవి కొన్ని ధరలు, కొన్ని తేదీలు, వాటి మధ్య దూరాలు. వాటిని సరిగ్గా మాటల్లో పెట్టడం ఎలాగో ఒక ఉదాహరణను పట్టుకుని చివరిదాకా చూద్దాం.

ఉదాహరణగా నిఫ్టీ 50 సూచీ రోజువారీ చార్ట్‌లో 2024 మే 31 శుక్రవారం నుంచి జూన్ 7 శుక్రవారం వరకు ఉన్న ఆరు క్యాండిళ్లను తీసుకుంటున్నాను. లోక్‌సభ ఎన్నికల ఫలితాలు వెలువడిన వారం అది. దాన్ని ఎంచుకోవడానికి అసలు కారణం మాత్రం ఎన్నికలు కావు. క్యాండిల్ రంగు చూసి మోసపోవడానికి అంతకన్నా మంచి వారం నాకు మరొకటి తోచలేదు.

కావలసినవి

మొదట, కత్తిరించని స్క్రీన్‌షాట్ కావాలి. పైన పేరు, టైమ్‌ఫ్రేమ్, కుడి పక్కన ధరల అక్షం, కింద తేదీల అక్షం, వీలైతే బొమ్మ తీసిన సమయం అందులో కనిపించాలి. వీటిలో ధరల అక్షం లేకపోతే వర్ణన మొదలుపెట్టకండి. పూర్తి బొమ్మ మళ్లీ అడిగి తెప్పించుకోండి. అక్షం లేని బొమ్మ మీద "భారీగా పడింది" అని రాస్తే, ఆ భారీ అనేది రెండు రూపాయలో రెండు వందల రూపాయలో ఎవరికీ తెలియదు.

రెండోది, మిల్లీమీటర్ల గీతలున్న మామూలు స్కేలు, ఒక క్యాలిక్యులేటర్, ఒక కాగితం. బొమ్మను కాగితం మీద ముద్రించుకుంటే మరీ మంచిది. ఫోన్ తెర మీద కొలిచేటట్లయితే కొలత పూర్తయ్యేదాకా జూమ్ మార్చకండి.

సాధన కోసం పాత బొమ్మలనే ఎంచుకోండి. మీ డబ్బు ఉన్న షేరు నిన్నటి చార్ట్‌ను వర్ణిస్తే, మీ ఆశో భయమో వాక్యాల్లోకి దూరుతుంది. మీరు రాసినదాన్ని పది మందికి పాఠంగా పంచే ఉద్దేశం ఉంటే మరో సంగతి కూడా ఉంది: కేవలం బోధన చేసేవారు తమ పాఠాల్లో గత మూడు నెలల ధరలను వాడరాదని సెబీ 2025 జనవరి 29 నాటి సర్క్యులర్‌లో చెప్పింది. ఆ తర్వాత వచ్చిన మార్పులు ఏవైనా ఉంటే పంచేముందు చూసుకోండి.

1. ఇది దేని బొమ్మో ఒక వాక్యంలో రాయండి

మొదటి వాక్యంలో నాలుగు సంగతులు ఉండాలి: దేని ధర, ఏ టైమ్‌ఫ్రేమ్, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, చివరి క్యాండిల్ పూర్తయిందా లేదా.

దేని ధర అన్నది తేలికగా కనిపించినా పొరపాట్లు జరిగేది ఇక్కడే. నిఫ్టీ సూచీ, నిఫ్టీ ఫ్యూచర్స్, గిఫ్ట్ నిఫ్టీ అనేవి మూడు వేర్వేరు చార్ట్‌లు. వాటి ధరలు ఒకటి కావు. గిఫ్ట్ నిఫ్టీ ట్రేడింగ్ వేళలు కూడా వేరు. బొమ్మ పై మూలన ఉన్న పేరును ఉన్నదున్నట్టుగా ఎత్తి రాసుకోండి.

టైమ్‌ఫ్రేమ్ అంటే ఒక్కో క్యాండిల్ ఎంత కాలానికి చెందినదో చెప్పేది. తెర మీద `D` లేదా `1D` ఉంటే రోజుకు ఒకటి, `W` లేదా `1W` ఉంటే వారానికి ఒకటి, వట్టి `15` ఉంటే పదిహేను నిమిషాలకు ఒకటి.

చివరి క్యాండిల్ విషయంలో జాగ్రత్త అవసరం. మన మార్కెట్ వేళలు ఉదయం 9.15 నుంచి మధ్యాహ్నం 3.30 వరకు. రోజువారీ చార్ట్‌ను ఉదయం 11 గంటలకు తీసి ఉంటే, కుడి చివర ఉన్న క్యాండిల్ ఇంకా సగంలోనే ఉన్నట్టు లెక్క. అప్పటికి దానికి ముగింపు ధర అనేదే లేదు. అలాంటప్పుడు "బొమ్మ తీసిన సమయానికి ధర ఇంత" అని రాయాలి గానీ "ముగిసింది" అనకూడదు. సమయం కనిపించకపోతే ఆ క్యాండిల్‌ను వర్ణన నుంచి తప్పించి, తప్పించినట్టు ఒక ముక్క రాయండి.

మన ఉదాహరణకు మొదటి వాక్యం ఇలా ఉంటుంది: "ఇది నిఫ్టీ 50 సూచీ రోజువారీ చార్ట్, 2024 మే 31 నుంచి జూన్ 7 వరకు ఆరు ట్రేడింగ్ రోజులు ఉన్నాయి, చివరి క్యాండిల్ పూర్తయింది."

2. బొమ్మ ఏ రకానిదో తేల్చుకోండి

చూడటానికి క్యాండిల్‌లాగే ఉండి అసలు ధరలు చూపని బొమ్మలు ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది హైకిన్ ఆషీ. అందులో ముగింపుగా కనిపించేది ఆరంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు అనే నాలుగు ధరల సగటు. ఆరంభంగా కనిపించేది ముందటి క్యాండిల్ బాడీ నడిమి బిందువు. బాడీ అంటే ఆరంభానికీ ముగింపుకీ మధ్య ఉన్న వెడల్పాటి భాగం. ఆ రెండు ధరల దగ్గర నిజంగా మార్కెట్ తెరుచుకున్నదీ లేదు, మూసుకున్నదీ లేదు. గుర్తుపట్టడం ఎలాగంటే, దాదాపు ప్రతి క్యాండిల్ ముందటి క్యాండిల్ బాడీ మధ్యలోంచి మొదలవుతూ, ఒకే రంగు వరుసగా చాలాసేపు సాగుతుంటే అనుమానించండి. అనుమానం తీరకపోతే బొమ్మ పంపినవారిని అడగండి.

రెండోది, బోలు క్యాండిళ్లు. కొన్ని సాఫ్ట్‌వేర్లలో ఈ రకం ఎంచుకుంటే, లోపల బోలుగా ఉందా నిండుగా ఉందా అన్నది ఆ రోజు ఆరంభానికీ ముగింపుకీ సంబంధించినది, రంగు మాత్రం ముందురోజు ముగింపుతో పోల్చి వేసినది. మామూలు క్యాండిళ్లలో రంగు ఆ రోజు ఆరంభంతో పోల్చి వేసినది. ఈ తేడా ఎంత పెద్దదో నాలుగో మెట్టులో చూస్తారు.

మూడోది, ధరల అక్షం మామూలుదా, లాగ్ అక్షమా అన్నది. అక్షం మీద 100, 200, 300, 400 అనే అంకెల మధ్య దూరాలు సమానంగా ఉంటే మామూలు అక్షం. పైకి పోయేకొద్దీ ఆ దూరాలు తగ్గుతుంటే అది లాగ్ అక్షం. దాని మీద తర్వాతి మెట్టులో చెప్పే స్కేలు లెక్క పనిచేయదు.

షేరు చార్ట్ అయితే బోనస్, స్ప్లిట్ సర్దుబాటు జరిగిందో లేదో కూడా చూడాలి. రిలయన్స్ 2024 అక్టోబరు 28న ఒకటికి ఒకటి బోనస్‌కు వెళ్లింది. సర్దుబాటు చేయని చార్ట్‌లో ఆ రోజు ధర సగానికి తెగిపోయినట్టు కనిపిస్తుంది; సర్దిన చార్ట్‌లో ఆ తెగుడు ఉండదు, బదులుగా పాత ధరలన్నీ సగమై ఉంటాయి. సూచీకి ఈ బెడద లేదు కాబట్టి మన ఉదాహరణలో దీన్ని వదిలేయవచ్చు.

3. ధరలను అక్షం నుంచి కొలవండి

క్యాండిల్ మీద వేలు పెట్టినప్పుడు తెర పైన `O H L C` అంకెలు, అంటే ఆరంభం, గరిష్ఠం, కనిష్ఠం, ముగింపు ధరలు, కనిపిస్తాయి. స్క్రీన్‌షాట్‌లో అవి ఉన్నా ఒక్క క్యాండిల్‌కే ఉంటాయి, సాధారణంగా చివరిదానికి. మిగతావాటిని కొలుచుకోవలసిందే.

అక్షం మీద దూరంగా ఉన్న రెండు అంకెలను ఎంచుకోండి. మన బొమ్మలో 21,500కూ 23,000కూ మధ్య దూరం 60 మిల్లీమీటర్లు ఉందనుకుందాం. తేడా 1,500 పాయింట్లు కాబట్టి ఒక మిల్లీమీటరుకు 25 పాయింట్లు. బాడీకి పైనా కిందా గరిష్ఠం, కనిష్ఠం దాకా సాగే సన్నని గీతలను విక్‌లంటారు. జూన్ 4 క్యాండిల్ కింది విక్ కొస 21,500 గీతకు 9 మిల్లీమీటర్లు దిగువన ఉంది. తొమ్మిది పాతికలు 225. అంటే ఆ రోజు కనిష్ఠం దాదాపు 21,275. ఎన్‌ఎస్‌ఈ లెక్కల్లో ఉన్నది సుమారు 21,281. ఆరు పాయింట్ల తేడాతో స్కేలు అక్కడిదాకా తీసుకెళ్లింది.

అయితే స్కేలు మీద అర మిల్లీమీటరు పొరపాటు ఎవరికైనా జరుగుతుంది. ఈ బొమ్మలో అది పన్నెండు, పదమూడు పాయింట్లతో సమానం. అందువల్ల కొలిచిన ధరను "21,275.00" అని దశాంశాలతో రాయడం అబద్ధపు కచ్చితత్వం. "సుమారు 21,280" అని రాయండి. మీ కొలత ఎంత దాకా నమ్మదగినదో వర్ణనలో ఒకసారి చెబితే చాలు, ప్రతి అంకెకూ చెప్పనక్కరలేదు.

మన ఉదాహరణలో కొలతలు, దగ్గరి పదికి సవరించినవి, ఇవి. మే 31 ముగింపు 22,530.

| తేదీ | ఆరంభం | గరిష్ఠం | కనిష్ఠం | ముగింపు |
|---|---|---|---|---|
| జూన్ 3 | 23,340 | 23,340 | 23,060 | 23,260 |
| జూన్ 4 | 23,180 | 23,180 | 21,280 | 21,880 |
| జూన్ 5 | 22,130 | 22,670 | 21,790 | 22,620 |
| జూన్ 6 | 22,800 | 22,910 | 22,640 | 22,820 |
| జూన్ 7 | 22,820 | 23,320 | 22,790 | 23,290 |

ముగింపు ధర గురించి ఒక చిన్న సంగతి. 2024లో ఎన్‌ఎస్‌ఈ ఒక షేరు ముగింపు ధరను చివరి అరగంట లావాదేవీల సగటుతో, పరిమాణాన్ని లెక్కలోకి తీసుకుని, తేల్చేది. నిఫ్టీ ముగింపు కూడా ఆ ధరల నుంచే వచ్చేది. కాబట్టి అయిదు నిమిషాల చార్ట్‌లో 3.30 దగ్గర కనిపించే చివరి అంకె, రోజువారీ చార్ట్ ముగింపు కొద్దిగా తేడాగా ఉంటే మీ కొలత తప్పిందని కంగారు పడకండి.

4. ఒక్కో క్యాండిల్‌కు రెండు పోలికలు రాయండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం ఈ మెట్టు మీదనే పెట్టండి. మొదటి పోలిక ఆ రోజు ఆరంభంతో ఆ రోజు ముగింపును పోల్చడం. క్యాండిల్ బాడీ, రంగు చెప్పేది దీన్నే. రెండో పోలిక ముందురోజు ముగింపుతో ఈ రోజు ముగింపును పోల్చడం. వార్తల్లో "ఇంత శాతం పెరిగింది" అని చెప్పేది దీన్ని. రెండూ ఒకటే అనుకోవడం నేను చూసిన వర్ణనల్లో అతి సాధారణమైన తప్పు.

జూన్ 3 క్యాండిల్‌ను చూడండి. అది ఎర్రగా ఉంది. ఆరంభం 23,340, ముగింపు 23,260; బాడీ 80 పాయింట్లు, ఎరుపు. ఎర్ర క్యాండిల్ చూడగానే "ఆ రోజు మార్కెట్ పడింది" అని రాసేస్తాం. కానీ అంతకు ముందటి ట్రేడింగ్ రోజు ముగింపు 22,530. అంటే ఆ సోమవారం సూచీ దాదాపు 730 పాయింట్లు, 3.2 శాతం పెరిగి ముగిసింది. పెరుగుదల అంతా తెరుచుకున్న క్షణానికే వచ్చేసింది. ఆ తర్వాత రోజంతా కలిసి అందులోంచి 80 పాయింట్లు వెనక్కి ఇచ్చింది. కాబట్టి సరైన వాక్యం ఇది: "జూన్ 3న సూచీ ముందటి ముగింపు కంటే సుమారు 810 పాయింట్లు ఎగువన తెరుచుకుంది, ఆరంభం కంటే 80 పాయింట్లు దిగువన, ముందటి ముగింపు కంటే 730 పాయింట్లు ఎగువన ముగిసింది."

జూన్ 4 క్యాండిల్ కూడా ఎర్రనిదే, కానీ ఇక్కడ రెండు పోలికలూ ఒకే దిశలో ఉన్నాయి. ఆరంభం నుంచి ముగింపుకు 1,300 పాయింట్లు, ముందురోజు ముగింపు నుంచి 1,380 పాయింట్లు, అంటే 5.9 శాతం తగ్గుదల. రెండు అంకెల తేడా 80. ఆ తేడా ఆరంభంలోనే ఏర్పడింది. మీ రెండు పోలికల మధ్య తేడా, ముందటి ముగింపుకూ ఈనాటి ఆరంభానికీ మధ్య తేడాతో సరిపోలకపోతే ఎక్కడో కూడిక తప్పింది. ఇది మంచి తనిఖీ.

ఆ తర్వాత విక్‌లు. మన వర్గాల్లో కొందరు వీటిని తోకలంటారు. ఆ మాట వాడినా నష్టం లేదు. జూన్ 4కు పై విక్ లేదు. కింది విక్ సుమారు 600 పాయింట్లు. దీన్ని "అమ్మకందారులు అలసిపోయారు, కొనుగోలుదారులు రంగంలోకి దిగారు" అని కథగా మార్చకండి. బొమ్మ చెప్పేది ఇంతే: ఆ రోజు ధర 21,280 దాకా వెళ్లింది, ముగింపు మాత్రం అక్కడికి 600 పాయింట్లు పైన జరిగింది.

విక్‌లు ధరల వరుసను చెప్పవని కూడా గుర్తుంచుకోండి. జూన్ 5న కనిష్ఠం 21,790, గరిష్ఠం 22,670. ఏది ముందు, ఏది తర్వాత అన్నది రోజువారీ క్యాండిల్‌లో లేదు. "మొదట పడి, తర్వాత లేచింది" అని రాయాలంటే అదే రోజు పదిహేను నిమిషాల చార్ట్ కావాలి. జూన్ 4కు మాత్రం ఒక మినహాయింపు దొరుకుతుంది. ఆరంభం, గరిష్ఠం ఒకే ధర కాబట్టి, తెరుచుకున్న తర్వాత ధర ఆ స్థాయిని మళ్లీ దాటలేదని క్యాండిల్ ఒక్కదాన్నే చూసి ధైర్యంగా రాయవచ్చు.

జూన్ 6 గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. బాడీ 20 పాయింట్లే కాబట్టి కొందరు దాన్ని డోజీ అని, "మార్కెట్ కదల్లేదు" అని రాస్తారు. ముందురోజు ముగింపుతో పోలిస్తే ఆ రోజు 200 పాయింట్లు పెరిగింది.

5. క్యాండిళ్ల మధ్య ఖాళీని వేరుగా చూడండి

గ్యాప్ అనే మాటను రెండు అర్థాల్లో వాడుతున్నారు, అందుకే ఏ అర్థంలో వాడుతున్నారో రాయండి. ముందటి ముగింపుకూ ఈనాటి ఆరంభానికీ తేడా ఉంటే ఒక అర్థంలో గ్యాప్. ముందటి క్యాండిల్ విక్‌లతో సహా ఈనాటి క్యాండిల్‌ను ఎక్కడా తాకకుండా, మధ్యలో తెల్లటి ఖాళీ మిగిలితే మరో అర్థంలో గ్యాప్.

మే 31 గరిష్ఠం సుమారు 22,650. జూన్ 3 కనిష్ఠం 23,060. రెండింటి మధ్య దాదాపు 400 పాయింట్ల మేర ఏ క్యాండిలూ లేదు. ఇక్కడ రెండు అర్థాల్లోనూ గ్యాప్ ఉంది. జూన్ 4న ఆరంభం ముందటి ముగింపు కంటే 80 పాయింట్లు దిగువన ఉన్నా, అది జూన్ 3 క్యాండిల్ ఎత్తు లోపలే ఉంది. బొమ్మలో ఖాళీ కనిపించదు. "గ్యాపులు నిండి తీరతాయి" అనే నానుడి మార్కెట్లో వినిపిస్తుంది. అది భవిష్యత్తు మీద పెట్టిన పందెం. జూన్ 4న ధర ఆ ఖాళీ గుండా కిందికి దిగిందన్నది మాత్రం జరిగిన సంగతి, అది రాయవచ్చు.

6. మొత్తం కాలాన్ని ఒకసారి చెప్పండి, శాతం దేని మీదో చెప్పండి

మొదటి ముగింపు, చివరి ముగింపు, మధ్యలో గరిష్ఠం, కనిష్ఠం చాలు. మే 31 ముగింపు 22,530 నుంచి జూన్ 7 ముగింపు 23,290కి 760 పాయింట్లు, 3.4 శాతం పెరుగుదల. మధ్యలో జూన్ 3 గరిష్ఠం 23,340 నుంచి జూన్ 4 కనిష్ఠం 21,280కి 2,060 పాయింట్లు, 8.8 శాతం తగ్గుదల.

శాతాలను కూడకండి. జూన్ 4న 5.9 శాతం తగ్గిన సూచీ జూన్ 3 ముగింపు స్థాయికి తిరిగి రావడానికి 5.9 శాతం పెరిగితే సరిపోదు. 21,880 నుంచి జూన్ 7 ముగింపు 23,290కి పెరుగుదల 6.4 శాతం, అంత పెరిగాక మిగిలింది జూన్ 3 ముగింపు కంటే 30 పాయింట్లే ఎక్కువ.

శాతం లేకుండా పాయింట్లు మాత్రమే చెబితే మరో చిక్కు. బొమ్మ అక్షం 21,000 నుంచి 23,500 దాకా మాత్రమే ఉంటే, జూన్ 4 క్యాండిల్ బొమ్మ ఎత్తులో మూడు వంతులు ఆక్రమించి, మార్కెట్ మొత్తం కుప్పకూలినట్టు కనిపిస్తుంది. గరిష్ఠం నుంచి కనిష్ఠానికి ఆ రోజు ఎత్తు 8.2 శాతం. తక్కువేమీ కాదు, కానీ మూడు వంతులు కూడా కాదు.

ఇదే వారాన్ని వారపు చార్ట్‌లో తెరిచి చూడండి. అయిదు క్యాండిళ్లు కలిసి ఒకటవుతాయి: ఆరంభం 23,340, కనిష్ఠం 21,280, ముగింపు 23,290. పైన చిన్న ఎర్ర బాడీ, కింద రెండు వేల పాయింట్ల తోక. వారం 3.4 శాతం పెరిగినా క్యాండిల్ ఎర్రనిదే. రోజువారీ చార్ట్ చూసినవారు, వారపు చార్ట్ చూసినవారు ఒకే వారాన్ని రెండు రకాలుగా వర్ణించడం వింత కాదు. మొదటి వాక్యంలో టైమ్‌ఫ్రేమ్ రాయమన్నది అందుకే.

7. క్రియలను సరిచేయండి

మన భాషలో ఒక ఇబ్బంది ఉంది. "21,800 దగ్గర ధర ఆగుతుంది" అనే వాక్యం అలవాటునూ చెబుతుంది, రేపటినీ చెబుతుంది. రాసినవారు "ఇదివరకు ఆగింది" అనే ఉద్దేశంతో రాసినా, చదివినవారు "ఇక ముందు ఆగుతుంది" అనుకుంటారు. అందుకని వర్ణనలో ధర కర్తగా ఉన్న ప్రతి క్రియనూ భూతకాలంలో పెట్టండి: ఆగింది, తగ్గింది, తెరుచుకుంది, ముగిసింది.

"పెరుగుతోంది", "పడుతోంది" కూడా వద్దు. స్క్రీన్‌షాట్ కుడి అంచు దగ్గర కాలం ఆగిపోయింది. "పెరుగుతోంది" అంటే ఆ అంచు అవతల కూడా కదలిక సాగుతున్నట్టే. "జూన్ 5 నుంచి 7 వరకు మూడు రోజులూ ముందురోజు కంటే ఎగువన ముగిసింది" అనండి.

ఇవి కాక, క్రియ భూతకాలంలోనే ఉన్నా భవిష్యత్తును మోసుకొచ్చే మాటలు కొన్ని ఉన్నాయి. "సపోర్ట్ తీసుకుంది" అంటే అక్కడ ఏదో ఆధారం ఉందనీ, అది మళ్లీ ఆదుకుంటుందనీ వినిపిస్తుంది. బదులుగా "21,280 కంటే కిందికి వెళ్లలేదు" అని రాయండి. "రివర్సల్ వచ్చింది" అన్న మాటకు, దిశ మారి అటే సాగిందని చూపడానికి తర్వాతి క్యాండిళ్లు కావాలి. హ్యామర్, ఎన్‌గల్ఫింగ్ లాంటి పేర్లు ఆకారాన్ని చెబుతూనే "ఇక పెరుగుతుంది, ఇక తగ్గుతుంది" అనే నమ్మకాన్ని వెంట తెచ్చుకుంటాయి. పేరు తప్పదనుకుంటే ముందు ఆకారాన్ని అంకెల్లో చెప్పి, "ఈ ఆకారాన్ని ఫలానా పేరుతో పిలుస్తారు" అని ఆపండి.

8. కారణాన్ని విడిగా పెట్టండి

జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ వచ్చాయి, జూన్ 4న ఓట్లు లెక్కించారు. ఇది అందరికీ తెలిసిన విషయమే గానీ చార్ట్‌లో లేదు. రాయాలనిపిస్తే వర్ణన ముగిశాక, "బొమ్మలో లేని సమాచారం" అని వేరే పేరాగా రాయండి. "వల్ల" అనే మాట బదులు "అదే రోజు" అని వాడితే, మీకు తెలిసినదాన్నే చెప్పినట్టవుతుంది.

పూర్తయిన వర్ణన ఇలా ఉంటుంది

"ఇది నిఫ్టీ 50 రోజువారీ చార్ట్, 2024 మే 31 నుంచి జూన్ 7 వరకు, మామూలు క్యాండిళ్లు, మామూలు అక్షం. ధరలు బొమ్మ నుంచి కొలిచినవి. పది, పదిహేను పాయింట్ల తేడా ఉండవచ్చు. మే 31న సూచీ 22,530 దగ్గర ముగిసింది. జూన్ 3న 23,340 దగ్గర, రెండు క్యాండిళ్ల మధ్య సుమారు 400 పాయింట్ల ఖాళీతో తెరుచుకుని, 23,260 దగ్గర ముగిసింది. క్యాండిల్ ఎరుపు అయినా ముందటి ముగింపు కంటే ఇది 3.2 శాతం ఎక్కువ. జూన్ 4న ఆరంభ ధర 23,180 ఆ రోజు గరిష్ఠం కూడా అయింది. ధర 21,280 వరకు తగ్గి 21,880 దగ్గర, ముందురోజు కంటే 5.9 శాతం తక్కువగా ముగిసింది. తర్వాతి మూడు రోజులూ ముందురోజు కంటే ఎగువన, వరుసగా 3.4, 0.9, 2.1 శాతం పెరుగుదలతో ముగిశాయి. జూన్ 7 ముగింపు 23,290. ఇది జూన్ 3 ముగింపు కంటే సుమారు 30 పాయింట్లు, మే 31 ముగింపు కంటే సుమారు 760 పాయింట్లు ఎక్కువ."

"తేడా ఉండవచ్చు" అన్న చోట "వచ్చు" ఉంది కదా అని మీరు అడగవచ్చు. అది కొలత గురించిన సందేహం, ధర గురించిన ఊహ కాదు, దాన్ని ఉంచండి.

ఫలితాన్ని సరిచూసుకోవడం

మొదటి తనిఖీ గీసి చూడటం. మీ వర్ణనను, బొమ్మ చూడని మరొకరికి ఇచ్చి, ఒక గళ్ల కాగితం మీద క్యాండిళ్లు గీయమనండి. వారు గీసిన జూన్ 3 క్యాండిల్ మే 31 కంటే ఎగువన, ఎర్రగా వస్తే మీ వాక్యం సరిగ్గా పనిచేసినట్టు. దిగువన వస్తే మీరు రెండో పోలికను వదిలేశారు. పై వర్ణనతో జూన్ 5, 6, 7 తేదీలకు విక్‌లు గీయడం కుదరదు; నేను ఆ రోజులను ముగింపులతో సరిపెట్టాను. ఆ వివరం అవసరమైన పాఠకులకు రాస్తున్నట్టయితే మీరు కలపండి.

రెండో తనిఖీ అంకెలది. ఎన్‌ఎస్‌ఈ వెబ్‌సైట్‌లో సూచీల పాత ధరలు తేదీలవారీగా దొరుకుతాయి. మీరు కొలిచిన ధరలలో రెండింటిని, వీలైతే ఒక గరిష్ఠాన్ని, ఒక ముగింపును, అక్కడ పోల్చండి. రెండూ ఒకే వైపు, ఒకే మేరకు తప్పితే అక్షం గీతను తప్పుగా పట్టుకున్నారు. ఒకటి మాత్రమే తప్పితే ఆ క్యాండిల్‌ను మళ్లీ కొలవండి. అన్నీ దూరంగా ఉంటే పేరు లేదా చార్ట్ రకం దగ్గరికి, అంటే మొదటి రెండు మెట్లకు, వెనక్కి వెళ్లండి.

మూడోది అంచు తనిఖీ. వర్ణనలోని ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "చార్ట్ కుడి అంచు తర్వాత ధర సగమైనా, రెట్టింపైనా ఈ వాక్యం నిజంగానే ఉంటుందా?" అని అడగండి. "21,280 కంటే కిందికి వెళ్లలేదు" అన్నది, ముందు "జూన్ 7 వరకు" అని ఉంటే నిలుస్తుంది, లేకపోతే నిలవదు. నిలవని వాక్యానికి తేదీ చేర్చి చూడండి. తేదీ చేర్చినా నిలవకపోతే కొట్టేయండి.